పెళ్లికి ముందు రాసిన నామినేషన్

ఉద్యోగి చనిపోయాక పీఎఫ్ డబ్బు ఎవరికి వస్తుందని అడిగితే మన ఆఫీసుల్లో ఒకటే మాట వినిపిస్తుంది: ‘ఫారంలో ఎవరి పేరుంటే వాళ్లకే’. ఈ మాట నమ్మి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలకు లెక్కలేదు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చూస్తే ఆ మాట ఎంత తప్పో అర్థమవుతుంది.

కేంద్ర రక్షణ లెక్కల విభాగంలో 2000లో చేరిన ఒక ఉద్యోగి అప్పటికి అవివాహితుడు. ప్రభుత్వ ఉద్యోగుల పీఎఫ్ అయిన జీపీఎఫ్‌కు తల్లిని నామినీగా రాశాడు. 2003లో పెళ్లయింది. గ్రాట్యుటీకి, గ్రూప్ ఇన్సూరెన్స్‌కు భార్య పేరు మార్చాడు కానీ జీపీఎఫ్ ఫారం అలాగే ఉండిపోయింది. 2021లో ఆయన చనిపోయాక మిగతా డబ్బు భార్యకు అందింది. జీపీఎఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రికార్డులో తల్లి పేరుందని ఆఫీసు ఇవ్వనంది. చెరిసగం ఇవ్వమని ట్రిబ్యునల్ చెప్పింది, తల్లికే ఇవ్వాలని హైకోర్టు అంది. చివరకు సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ మాటే నిలబెట్టింది. కుటుంబం ఏర్పడితే ఈ నామినేషన్ చెల్లదని ఆ ఫారంలోనే రాసి ఉంది. కాబట్టి పెళ్లి రోజునే తల్లి నామినేషన్ రద్దయింది. కొత్తది లేదు కనుక భార్యకూ, తల్లికీ సమాన వాటాలు.

నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప ఆ ఒక్క కారణంతో సొంతదారు కాడని బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎఫ్ పథకంలోనూ 61వ పేరాలో ఒక షరతు ఉంది: పెళ్లయ్యాక కొత్త నామినేషన్ ఇవ్వాలి, పెళ్లికి ముందు ఇచ్చింది చెల్లదు. ఈ సంగతి ఎంతమంది ఉద్యోగులకు తెలుసు? హెచ్‌ఆర్‌లో ఎంతమందికి తెలుసు?

చెల్లే నామినేషన్ లేకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. ఒక ఉద్యోగి ఈపీఎఫ్‌లో 24 లక్షలు ఉన్నాయి. భార్య, ఆయన మీదే ఆధారపడిన తల్లి, మైనర్లయిన కొడుకు, కూతురు ఉన్నారు. 70వ పేరా ప్రకారం నలుగురికీ తలా 6 లక్షలు. కొడుకు మేజరైతే ఆ పంపకంలో అతనికి చోటు లేదు, మిగిలిన ముగ్గురికీ 8 లక్షల చొప్పున వెళ్తాయి. పెళ్లై భర్త బతికి ఉన్న కూతురిదీ అదే పరిస్థితి. హిందూ వారసత్వ చట్టంలో మాత్రం భార్య, తల్లి, కొడుకు, కూతురు అందరూ మొదటి తరగతి వారసులే. పీఎఫ్ ఆఫీసు పంచే లెక్క వేరు, వారసత్వపు లెక్క వేరు. ఇదే అసలు టెన్షన్. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే రెండూ తేలిపోతాయని చాలామంది అనుకుంటారు. అది కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం మాత్రమే. వాటాల మీద గొడవ వస్తే తేల్చాల్సింది సివిల్ కోర్టే.

పెన్షన్ దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఫ్యామిలీ పెన్షన్‌ను వీలునామాలో రాసివ్వడానికి లేదు, అది ఉద్యోగి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. నిబంధనల్లో అర్హులు ఎవరో వాళ్లకే వస్తుంది. కానీ పెన్షనరు బతికుండగా రావాల్సి ఆగిపోయిన బకాయి అలా కాదు. కేంద్ర పెన్షనర్లకు దీని కోసం 1983 నిబంధనల కింద విడిగా నామినేషన్ ఉంది. అది ఇవ్వకపోతే బకాయి వారసులకు వెళ్తుంది, వాళ్లు వారసులమని రుజువు చేసుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ నెలనెలా అందుకుంటున్న భార్యే ఈ బకాయి కోసం మళ్లీ కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డీఏ, పీఆర్సీ బకాయిలు వాయిదాల మీద వాయిదాలు పడటం కొత్త కాదు. ఆ వాయిదాలు చేతికందేలోపే కన్నుమూసే పెద్దలున్నారు, కాబట్టి ఇది ఇక్కడి ఇళ్ల సమస్య కూడా.

తప్పంతా ఫారం మార్చని ఉద్యోగిదేనని తోసేయడం సరికాదని మా అభిప్రాయం. పైన చెప్పిన కేసులో ఆయనకు పెళ్లయిన సంగతి ఆఫీసుకు తెలుసు, మరో రెండు నామినేషన్లలో భార్య పేరు ఎక్కించింది ఆ ఆఫీసే. మూడో ఫారం సంగతి ఆ రోజే అడిగి ఉంటే సుప్రీంకోర్టు దాకా పోయేదే కాదు. పెళ్లి వివరం సర్వీసు రిజిస్టరులో ఎక్కిన రోజే జీపీఎఫ్, గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్లన్నీ ఒకేసారి ముందు పెట్టి సంతకం తీసుకోవాలని ప్రభుత్వాలు జీతాల బిల్లులు చేసే అధికారులైన డీడీఓలకు ఉత్తర్వు ఇవ్వాలి. ప్రైవేటు సంస్థల్లో ఈ-నామినేషన్ యూఏఎన్ పోర్టల్లోనే ఉంది. ‘వివాహితుడు’ అని నమోదై, నామినేషన్ తేదీ పెళ్లికి ముందుదై ఉంటే అది చెల్లదని సభ్యుడికి అక్కడే తెరపై చూపించడం ఈపీఎఫ్‌ఓకు పెద్ద పని కాదు. పెన్షనర్ల విషయంలో ఏటా లైఫ్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే బకాయిల నామినేషన్ ఉందో లేదో బ్యాంకులు, ట్రెజరీలు అడగాలి.