రాత్రి అలర్ట్ ఏ ధర దగ్గర పెట్టాలి?

హైదరాబాద్‌లో ఉండి అమెరికా క్లయింటుకు పనిచేసేవారికి పడుకునేసరికి ఒంటిగంట అవుతుంది. న్యూయార్క్‌లో అప్పటికి ఇంకా మధ్యాహ్నమే. బిట్‌కాయిన్ చేతిలో ఉన్నవారికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2025 అక్టోబరు 10నే తీసుకుందాం. చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించేసరికి మనకు తెల్లవారుజామున రెండు దాటింది. కాసేపట్లోనే బిట్‌కాయిన్ లక్షా ఐదు వేల డాలర్ల దరిదాపులకు జారింది. అప్పు మీద తీసుకుని, ఒక్క రోజులో బలవంతంగా మూతపడ్డ పొజిషన్ల విలువ 1,900 కోట్ల డాలర్లు దాటింది. అయితే సుంకాలు భారీగా పెంచుతామన్న హెచ్చరిక మనకు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలోనే వచ్చింది. అలర్టులు సరిచూసుకునే అవకాశం పడుకునే ముందే దొరికిందన్నమాట.

చాలామంది అమ్మాలనుకున్న ధర దగ్గరే అలర్ట్ పెడతారు. నా దృష్టిలో అది పొరపాటు. ధర లక్ష డాలర్ల దగ్గర ఉందనుకుందాం, 97,000కు వస్తే అమ్మేయాలని మీ నిర్ణయం. లేచి, యాప్ తెరిచి, ఓటీపీ కొట్టేసరికి పావుగంట పోతుంది. వారం రోజుల రాత్రి చార్టులో 15 నిమిషాల క్యాండిళ్లు, అంటే ఒక్కో పావుగంటలో ధర ఎంత కదిలిందో చూపే కడ్డీలు చూడండి. పెద్దవి 400 డాలర్లు కదులుతుంటే, రెండు క్యాండిళ్ల దూరం వదిలి 97,800 దగ్గర అలర్ట్ పెడతాను. ఇంకా పైన, 99,500 దగ్గర పెడితే రోజూ మోగుతుంది. నాలుగో రాత్రి మీరే నిద్రమత్తులో నొక్కేసి పడుకుంటారు.

97,000 దగ్గర మాత్రం అలర్ట్ కాదు, ధర అక్కడికి రాగానే దానంతటదే అమ్మకానికి వెళ్లే స్టాప్ ఆర్డర్ ఎక్స్ఛేంజీలోనే ఉండాలి. స్టాప్ లిమిట్ అయితే లిమిట్‌ను, అంటే అంతకు తక్కువకు అమ్మవద్దని చెప్పే ధరను, 96,900 అని ఇరుకుగా పెట్టకండి. ధర ఒక్కసారిగా దూకితే ఆర్డర్ అమ్ముడుపోకుండా అలాగే మిగిలిపోతుంది. నేనైతే 96,000 దాకా వదులుతాను. అక్టోబరు 10 లాంటి రాత్రి అదీ చాలకపోవచ్చు. స్టాప్ మార్కెట్ ఆర్డర్ దొరికితే అదే మేలు. తక్కువ ధరకైనా బయటపడతాం.

గడియారం విషయంలోనూ ఒక మెలిక ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ నిర్ణయం వేసవిలో మనకు రాత్రి 11:30కు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 12:30కు వస్తుంది. ఫెడ్ ఛైర్మన్ విలేకరులతో మాట్లాడేది మరో అరగంటకు. అంటే చలికాలంలో సరిగ్గా మీరు కళ్లు మూసే వేళకు ధర ఊగుతుంది. ఆ రాత్రుల్లో అలర్ట్ దూరం రెట్టింపు చేయడం లేదా పొజిషన్ తగ్గించుకోవడం మంచిది. భయంతో నష్టానికి అమ్మితే, ఆ నష్టాన్ని మన పన్ను చట్టం ఇంకో కాయిన్ లాభంలోంచి మినహాయించుకోనివ్వదు.

చివరిగా ఫోన్. డు నాట్ డిస్టర్బ్‌లో ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి, బ్యాటరీ ఆదా జాబితాలోంచి దాన్ని తీసేయండి. తర్వాత ఇప్పటి ధరకు పది డాలర్ల దూరంలో ఒక అలర్ట్ పెట్టి, ఫోన్ లాక్ చేసి పక్క గదిలో ఉంచి, మోగుతుందో లేదో వినండి.