సవరణ: డిస్కౌంట్ డెసిషన్ టేబుల్‌లో ఒక నిలువు వరుస తప్పు

"మెంబర్ కాని వాళ్ళు కూపన్ ఇస్తే మీ టేబుల్‌లో సున్నా వస్తోంది. రూల్ ప్రకారం 5 శాతం రావాలి కదా?"

అవును, రావాలి. తప్పు నాదే. మన రూల్ ఇది: మెంబర్ బిల్లు 2000 రూపాయలు, ఆపైన అయితే 10 శాతం; ఎవరైనా కూపన్ ఇస్తే 5 శాతం; రెండూ వర్తిస్తే పెద్దదే. మూడు షరతులకు 8 కలయికలు. నేను "మెంబర్ కాదు" కిందున్న నాలుగింటినీ, మిగతా రెండు గడుల్లో గీతలు పెట్టి, ఒకే నిలువు వరుసగా కలిపేశాను. అన్ని వరుసల్లోని కలయికలు కలిపితే మొత్తం 8 సరిపోయింది కాబట్టి అనుమానం రాలేదు. కానీ ఆ షరతు అవునైనా కాదైనా ఫలితం ఒకటే అయితేనే గీత పెట్టాలి. ఇక్కడ బిల్లుకు గీత సరే, కూపన్‌కు కాదు. ఆ వరుసను కూపన్ ఉంది (5), లేదు (0) అని రెండుగా విడదీయండి. నాలుగు వరుసలు ఐదవుతాయి.

ఇంకొకటి. "మెంబర్, 2000 లేదా ఆపైన" వరుసలో కూపన్‌కు గీత సరైనదే, ఎలాగైనా 10 శాతమే. అయినా కూపన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి టెస్ట్ చేయండి. కోడ్ రెండింటినీ కలిపి 15 శాతం ఇస్తుంటే, కూపన్ పెట్టినప్పుడే బయటపడుతుంది: 2400 బిల్లుకు 2160 బదులు 2040 చూపిస్తుంది.