పాస్ తీసుకునే ముందు క్యాలెండర్ చూడండి

మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. నెల పాసా, రోజువారీ టికెట్టా అన్న తర్జనభర్జన ఇప్పుడు మగవాళ్లకే మిగిలింది. పరకాల నుంచి హన్మకొండలో ఆఫీసుకు వచ్చే మా తమ్ముడు ఆలోచించకుండా పాసే తీసుకుంటాడు. నెలంతా తిరిగే వాడికి పాసే చవక కదా అంటాడు. ఆ "నెలంతా" అన్నచోటే లెక్క తప్పుతుంది.

లెక్క సులువుగా ఉండటానికి ఒకవైపు టికెట్ రూ.50, పాస్ రూ.2,000 అనుకుందాం. పాస్ ధరను టికెట్‌తో భాగిస్తే 40. అంటే 40సార్లు బస్సెక్కితే పాస్ డబ్బులు వస్తాయి, ఆపైనే లాభం. మీ రూట్ ధరలు పెట్టి ఈ ఒక్క భాగహారం చేసుకుంటే చాలు.

ఇక 2026 జనవరి 5న పాస్ తీసుకున్నాడనుకోండి. 30 రోజులంటే ఫిబ్రవరి 3తో సరి. అందులో నాలుగు ఆదివారాలు, ఒక రెండో శనివారం పోతే 25. భోగి, సంక్రాంతి, కనుమకు ఇంటి దగ్గరే ఉన్నాడు, 22. రిపబ్లిక్ డే పోతే 21. ఆ నెలాఖర్లోనే మేడారం జాతర. సమ్మక్క గద్దెకొచ్చే గురువారం, ఆ మర్నాడు సెలవు పెట్టాడు, 19. రానూపోనూ 38 ప్రయాణాలు. మూడు సాయంత్రాలు పక్క సీటు ఆయన బండి మీద వచ్చేశాడు, 35. టికెట్లు కొనుక్కుంటే రూ.1,750 అయ్యేది. పాస్ వల్ల 250 చేతి నుంచి పడింది.

బండి మీద వచ్చిన ఆ మూడు సాయంత్రాలను చాలామంది లెక్కలోకే తీసుకోరు. బస్సు ఆలస్యమై షేర్ ఆటో ఎక్కిన రోజూ అంతే. ఆటోకు ఇచ్చింది కళ్లకు కనిపిస్తుంది, పాస్‌లో అప్పటికే కట్టింది కనిపించదు. అందుకే రోజులు కాదు, ఎక్కిన బస్సులు లెక్కపెట్టాలి. ఆదివారం షాపింగ్‌కు పాస్ మీదే వెళ్లొచ్చానంటాడు మావాడు. పాస్ లేకపోయినా వెళ్లేవాడివా అని అడిగితే నవ్వుతాడు. అలాంటి ప్రయాణాన్ని లాభంలో కలపకూడదు.

జనవరంతా టికెట్లు కొనుక్కుని, జాతర అయ్యాక ఫిబ్రవరి 2 సోమవారం పాస్ తీసుకుని ఉంటే కథ వేరు. శివరాత్రి ఆదివారమే వచ్చింది. నాలుగు ఆదివారాలు, రెండో శనివారం, హోలీ తీసేసినా 24 పనిదినాలు, 48 ప్రయాణాలు. టికెట్లయితే రూ.2,400, పాస్‌తో 400 మిగులు. పాస్ అదే, ధర అదే. తీసుకున్న తేదీ మారిందంతే.

చిల్లర గొడవ ఉండదన్నది పాస్‌కున్న సుఖమే, కాదనను. పొద్దున్నే ఐదొందల నోటు తీస్తే కండక్టర్ చూసే చూపు నాకూ తెలుసు. అయితే దానికి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. దసరాకు ముందు పాస్ గడువు ముగిస్తే మావాడు ఈసారి వెంటనే కౌంటర్‌కు వెళ్లనన్నాడు. బతుకమ్మ సెలవులు అయ్యేదాకా టికెట్లేనట.