మామ్మ గడ్డం మీద చుక్కలు

"బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే మార్చమంటే ఏఐ ఎడిటర్ ముఖాన్ని ముట్టుకోదు. అనుమానంగా ఉంటే 'ముఖం మార్చొద్దు' అని రాస్తే చాలు. అయినా రంగు తేలిందంటే లైటింగ్ సరిచేసిందని అర్థం." మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది.

దీన్ని నమ్మి నేను పోయిన నెల తలదించుకోవాల్సి వచ్చింది. పెద్దకర్మకి దండ వేసే ఫోటో కావాలని ఒక ఇంటివాళ్లు వచ్చారు. పోయిన మామ్మకి విడిగా ఫోటో లేదు. మనవరాలి పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో ఉంది, అదీ వాట్సాప్‌లో వచ్చినది, 1600 పిక్సెళ్ల వెడల్పు. వెనక జనాన్ని తీసేసి నీలం తెర పెట్టమని ఎడిటర్‌కి రాశాను. వచ్చిన బొమ్మ చూసి పెద్దకొడుకు, "బాగుంది బాబూ, ఇంతకీ ఈవిడెవరు?" అన్నారు. మామ్మ రంగు ఒక ఛాయ తేలింది. ముక్కు సన్నబడింది. గడ్డం మీద ఉండాల్సిన మూడు పచ్చబొట్టు చుక్కలు లేనే లేవు.

మొదటి మాట సంగతి చూద్దాం. ఈ ఎడిటర్లు కత్తెరతో కోసి అంటించే రకం కాదు. చాలావాటిలో ఫోటో మొత్తం ముందు కుదించిన రూపంలోకి మారుతుంది. తర్వాత నాయిస్ నుంచి బొమ్మంతా ఏఐ మోడల్ మళ్లీ గీస్తుంది, మన ఫోటో దానికి నమూనా. బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ తొలి మోడళ్లలో 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గడి మొత్తం నాలుగే అంకెలవుతుంది. మామ్మ ముఖం వెడల్పు 72 పిక్సెళ్లు, అంటే తొమ్మిది గడులు. రెండు పిక్సెళ్ల చుక్క అందులో ఎక్కడ నిలుస్తుంది? పోయిన వివరాన్ని మోడల్ తాను నేర్చుకున్న ముఖాలతో పూడుస్తుంది. ఆ నేర్చుకున్న ఫోటోల్లో తెల్లటి, నున్నటి ముఖాలు ఎక్కువైతే ఫలితమూ అటే వాలుతుంది. 2020లో మసక ముఖాల్ని స్పష్టంగా గీసే పల్స్ అనే టూల్‌కి ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం గీసింది. దాని పద్ధతి వేరు, జబ్బు మాత్రం ఇదే.

మాస్క్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే ఎంచుకున్నా పూర్తి భరోసా లేదు. ముఖం కూడా ఆ కుదింపులోంచి వెళ్లివస్తుంది. చివర్లో అసలు పిక్సెళ్లని తిరిగి అతికించని ప్రోగ్రామైతే చిన్న ముఖం అక్కడే చెడుతుంది.

రెండో మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాసిన మాట పిక్సెళ్లకి తాళం వెయ్యదు. కొత్త మోడళ్లు కొంత వింటాయి, అయినా ముఖాన్ని గీసేది మళ్లీ అవే. పైగా నేను 'clean studio portrait' అని కూడా రాశాను. ఆ 'clean' అనే మాటకి మోడల్ చుక్కల్ని మచ్చలుగా తీసుకుని ఉంటుంది, తప్పు నాదే.

మూడోది కొలిచి చూస్తే తేలిపోతుంది. రెండు ఫోటోల్లో ఒకే చోట కలర్ పికర్ పెట్టాను. నుదుటి మీద ఎరుపు విలువ 118 నుంచి 161కి పెరిగింది. అదే మామ్మ చీర తెల్ల అంచు 201 ఉన్నది 203 అయింది. వెలుతురే పెరిగితే చీర కూడా తేలాలిగా! ఒక్క ఫోటో చూసి చర్మం చామనఛాయా, లేక నీడ పడిందా అని విడదీయడం మోడల్‌కి కష్టం. అందుకే 'బ్రైట్ చెయ్' అంటే చాలాసార్లు మనిషినే తెల్లబరుస్తుంది.

మళ్లీ చేసినప్పుడు ఎడిటర్‌కి మామ్మని చూపించనే లేదు. మనిషి లేని నీలం తెర ఒక్కటే అడిగాను. అసలు ఫోటోని మామూలు స్కేలింగ్‌తో పెంచి, GIMPలో ఆ తెర మీద లేయర్‌గా పెట్టి, లేయర్ మాస్క్‌తో వెనక జనాన్ని చెరిపాను. అంచుని రెండు మూడు పిక్సెళ్లు మెత్తబరిచాను. జుట్టు దగ్గర తేడా కొట్టింది. అప్పుడు ముఖాన్ని కదపకుండా తెరనే కొంచెం చీకటి చేశాను.

చివరి పరీక్ష ఒకటుంది. పూర్తయిన బొమ్మని, అదే సైజుకి పెంచిన అసలు ఫోటోని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, పై లేయర్ మోడ్‌ని Difference చెయ్యండి. ముఖం ఉన్నచోట నల్లగా ఉండాలి. కళ్లు, ముక్కు గీతలు మెరిస్తే ఏదో మారినట్టు, లేదా ఫోటో ఒక పిక్సెల్ జరిగినట్టు. చాలా ఎడిటర్లు సైజు మార్చి పంపిస్తాయి, ముందు అది చూసుకోండి.

72 పిక్సెళ్ల ముఖం పెద్ద ఫ్రేముకి నిలవదు. ఇంటివాళ్లకి ఆ మాట చెప్పి 5×7 సైజులోనే ఇచ్చాను, కాస్త మసగ్గానే ఉంది. అసలు ఫోటోలో రెండు చుక్కలే కనిపిస్తున్నాయి. మూడోది నేను గియ్యలేదు.