ఆస్తి వరసలో బావమరిది

2025 ఉగాది ఆదివారం పడింది. గుళ్లో పంచాంగ శ్రవణం విని ఇంటికొచ్చాను. పంతులుగారు నా రాశికి ఆదాయం కంటే వ్యయం ఎక్కువని చెప్పారు. ఏటా అదే చెబుతారు, ఏటా అదే జరుగుతుంది. ఈసారి మాత్రం పౌరుషం వచ్చింది. మా ఇంటి ఆదాయ వ్యయాల సంగతి తర్వాత, అసలు మా ఇంటి విలువెంతో తేల్చేద్దామని పాత డైరీలో ఖాళీ పేజీ ఒకటి తీసుకుని మధ్యలో నిలువుగీత గీశాను. ఎడమవైపు ఉన్నవి, కుడివైపు తీర్చాల్సినవి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే నికర ఆస్తి. ఇంత సులువైన పని నలభై ఏడేళ్లు ఎందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో మా ఫ్లాటు 70 లక్షలు. పక్క సందులో అలాంటిదే అమ్మకానికి పెట్టినాయన బోర్డు మీద ఆ ధరే రాశాడు మరి. బంగారానికి బీరువాలోని బిల్లులన్నీ తీసి కూడితే 180 గ్రాములు తేలింది. బ్యాంకులో కుదువపెట్టిన నగల కార్డు కనపడింది, అందులో 60 గ్రాములు. అవీ కలిపితే 240. లెక్క సులువుగా ఉండాలని గ్రాము 8,000 వేసుకుంటే 19 లక్షల 20 వేలు. బీమా పాలసీ 10 లక్షలు. చీటీ 5 లక్షలు. పీఎఫ్ 11. బ్యాంకులో 2 లక్షల 80 వేలు. బావమరిదికి ఇచ్చింది లక్షన్నర. మొత్తం 119 లక్షల 50 వేలు.

కుడివైపు ఒక్కటే వరస, ఇంటి అప్పు. ఇంకా 96 కిస్తీలు, నెలకి 25 వేలు, వెరసి 24 లక్షలు. తీసేస్తే 95 లక్షల 50 వేలు.

కోటికి నాలుగున్నర లక్షల దూరంలో ఏ మగవాడూ పెన్ను మూయలేడు. ఇల్లంతా కలయజూశాను. ఫ్రిజ్జు, సోఫా, ఏసీ, టీవీ, వాషింగ్ మెషీను, స్కూటరు, డబుల్ కాట్ అన్నీ కొన్న ధరకే రాసుకుంటూ పోయాను. ఆఖరికి ఎనిమిది వేలు తక్కువైతే ఇంకెక్కడా ఏమీ దొరక్క గ్రైండరు దగ్గర కోటి నిండింది.

ఈ పేజీని ఫొటో తీసి మా ఆఫీసు మిత్రుడికి పంపబోయి మా అత్తగారి ఊరి కుటుంబం గ్రూపులో పడేశాను. చూసుకుని చెరిపేసేలోపే పదకొండు మంది చూశారు. ఒకరు దణ్ణం బొమ్మ కూడా పెట్టారు.

మా ఆవిడ పులిహోర గరిటె పట్టుకునే వచ్చింది. ఆవిడ పదేళ్లుగా డ్వాక్రా గ్రూపులో లెక్కలు రాస్తోంది. పేజీ అందుకుని బంగారం వరస మీద వేలు పెట్టింది.

"బ్యాంకులో ఉన్న గాజులకీ గొలుసుకీ బిల్లులు బీరువాలో లేవా?"

ఉన్నాయి. అంటే ఆ 60 గ్రాములు నేను రెండుసార్లు రాశాను. ఒకే నగ బిల్లు రూపంలో ఒకసారి, బ్యాంకు కార్డు రూపంలో ఇంకోసారి. ఆ నగల మీద తెచ్చిన 3 లక్షల అప్పు మాత్రం ఒక్కసారైనా రాయలేదు.

"ఈ 180 కూడా రాళ్లతో కలిపి తూచింది. కెంపుల హారం, జుంకాలు, వీటిల్లో రాళ్లు తీసేస్తే బంగారం 170 గ్రాములే. అమ్మబోతే రాళ్లకి ధర కట్టరు, మజూరీ, తరుగు వెనక్కి రావు."

19 లక్షల 20 వేలు కాస్తా 13 లక్షల 60 వేలయింది. నేను గరిటె వైపు చూడకుండా పాలసీ వరస చూపించాను.

"ఆ పది లక్షలూ ఎప్పుడొస్తాయి?"

"గడువు తీరాక. లేదా..." అని ఆగాను.

"ఆ లేదా సంగతి పండగ పూట వద్దు. ఇవాళ ఆపేస్తే ఎంతిస్తారు?"

ఫోన్లో చూస్తే సరెండర్ విలువ 3 లక్షలు. ఫ్లాటుకీ అదే ప్రశ్న. బోర్డు మీద రాసింది ఆయన కోరిక, ధర కాదు. పోయిన దసరాకి మా మూడో అంతస్తు వాళ్లు నిజంగా అమ్మింది 55కి. సామాన్ల జోలికి వస్తే, స్కూటరుకి ఇరవై వేలిచ్చే మహానుభావుడు దొరకొచ్చు. గ్రైండరుకి ఎవడొస్తాడు?

చీటీ దగ్గర అసలు అవమానం జరిగింది. 5 లక్షల చీటీ, 25 నెలలు, నెలకి 20 వేలు. పాడుకోని చీటీ అయితే కట్టినంత మేరా మనదే. నేను పదో నెలలోనే పాడుకుని, ఆ డబ్బుతో బాత్రూములు బాగుచేయించాను. ఇంకా పన్నెండు వాయిదాలు కట్టాలి. డివిడెండు ఎంతొస్తుందో ముందే తెలియదు కాబట్టి నిండుగా 2 లక్షల 40 వేలు అప్పు కింద రాయమంది. అంటే కుడివైపు ఉండాల్సినదాన్ని ఎడమవైపు పెట్టి, పైగా రెట్టింపు చేశాను.

ఒక్కచోట మాత్రం ఆవిడే నాకు డబ్బు తిరిగిచ్చింది. ఇంటి అప్పు 24 లక్షలు కాదట. ఆ 96 కిస్తీల్లో ముందుముందు పడబోయే వడ్డీ కూడా ఉంది, అది ఇంకా మనం బాకీ పడలేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఇవాళ్టి అసలు చూస్తే 17 లక్షల 40 వేలు. ఆరు లక్షల అరవై వేలు కలిసొచ్చిన ఆనందంలో బావమరిది వరస ఆవిడ కొట్టేయడం చూసుకోలేదు.

"అదేంటే, ప్రోనోటుంది కదా!"

"2021 జూన్ నోటు. మూడేళ్లు దాటింది. ఈ లోపల వాడు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టాడా? లేదు. ఇక కోర్టుకెళ్లినా నిలవదు. కొత్త నోటు రాసిస్తే అప్పుడు చూద్దాం, అప్పటిదాకా సున్నా."

సొంత తమ్ముడికి అంత నిర్దాక్షిణ్యంగా సున్నా చుట్టిన అక్కని నేనెక్కడా చూడలేదు. కూడితే ఉన్నవి 85 లక్షల 60 వేలు, తీర్చాల్సినవి 22 లక్షల 80 వేలు, మిగిలింది 62 లక్షల 80 వేలు. కోటీశ్వరుణ్ణయి గంటన్నర కాలేదు. పులిహోర కూడా చల్లారింది.

సాయంత్రానికి బావమరిది దిగాడు. చేతిలో మిఠాయి పొట్లం.

"బావగారూ, ఫొటో చూశాను. నన్ను కూడా ఆస్తిలో రాశారు! కళ్లల్లో నీళ్లు తిరిగాయనుకోండి."

నోటు సంగతి నసిగాను. వాడు నాకంటే ముందే ఆ మాటకి వచ్చాడు.

"కొత్త నోటు రాసేస్తాను బావగారూ, పాత లక్షన్నర ఎక్కడికీ పోదు. ఇప్పుడు మిర్చి రేటు పడుంది. తేజ రకం బస్తాలు కొని కోల్డ్ స్టోరేజీలో పెడితే రేటు లేచాక చూడండి. ఇంకో లక్షన్నర సర్దితే మూడు లక్షలకి ఒకే నోటు రాసిస్తాను."

"బ్యాంకులో ఉన్నదే 2 లక్షల 80 వేలురా. అందులో సగం పైన నీకిచ్చేస్తే నా ఆస్తి ఏమవుతుంది?"

"ఏమీ కాదు. బ్యాంకు వరసలో లక్షన్నర కొట్టేసి నా వరసలో లక్షన్నర కలపండి. మొత్తం పైసా మారదు. పైగా కొట్టేసిన పాత లక్షన్నర కూడా లేచి కూర్చుంటుంది. అక్కా, నేను చెప్పింది తప్పా?"

మా ఆవిడ కాసేపు పేజీ వైపు చూసి, లెక్క తప్పు కాదంది. తర్వాత చెక్‌బుక్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.