‘సాధారణం’ అంటే ఏ ముప్పై ఏళ్ల సాధారణం?

మబ్బు పడితే ‘వాతావరణం మారింది’ అంటాం. భూమి వేడెక్కడం గురించి రాసేటప్పుడు కూడా ‘వాతావరణ మార్పు’ అనే రాస్తాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొరకీ అదే పేరు. మూడింటికీ ఒకే మాట వాడుతూ, జనం కలగాపులగం చేస్తున్నారని వాపోవడం అన్యాయం. బడి పుస్తకాల్లో శీతోష్ణస్థితి అనే మంచి మాట ఉంది. పత్రికలు దాన్ని బడిలోనే వదిలేశాయి.

తేడా మాత్రం మన పల్లెలకు కొత్త కాదు. ‘రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయి’ అన్నది ఏ ఒక్క రోజు కబురూ కాదు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా, ఏటా ఎలాంటి ఎండకు సిద్ధపడాలో చెప్పే మాట అది. అదే శీతోష్ణస్థితి. ఈసారి రోహిణిలో జల్లు కురిసి చల్లబడితే అది వాతావరణం. ఆ ఒక్క జల్లుతో సామెత అబద్ధమైపోదు. అలాగే ఒక్క మండే మధ్యాహ్నంతో భూతాపం రుజువైపోదు.

ఈ రెండూ రోజూ కలిసే చోటు ఒకటుంది. ‘గరిష్ఠ ఉష్ణోగ్రత 44.6 డిగ్రీలు, సాధారణం కంటే 4.6 ఎక్కువ’ అంటుంది బులెటిన్. మొదటి అంకె వాతావరణం. ‘సాధారణం’ అన్న మాట శీతోష్ణస్థితి: ఆ వాతావరణ కేంద్రంలో ఆ రోజుల్లో 30 ఏళ్లపాటు నమోదైన గరిష్ఠాల సగటు. పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్ నినో, చల్లబడే లా నినాలు రెండు నుంచి ఏడేళ్లకోసారి వచ్చి లెక్కను అటూ ఇటూ లాగుతాయి. పదేళ్ల సగటులో వాటి జాడ మిగిలిపోతుంది, ముప్పై ఏళ్లలో చాలావరకు చదునవుతుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ముప్పై ఏళ్లు ఏవన్నదాని దగ్గరే.

ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి ప్రకారం ఈ కాలాన్ని పదేళ్లకోసారి ముందుకు జరుపుతారు. ఇప్పటిది 1991-2020. భూమి వేడెక్కుతున్న కొద్దీ కొలబద్దా పైకి జరుగుతుంది. ఫలితం చూడండి. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణాన్ని 4.5 డిగ్రీలు మించితే వడగాడ్పు. 6.4 కూడా దాటితే తీవ్ర వడగాడ్పు. లెక్క కోసం ఒక ఊరి మే నెల సాధారణం 40.0 అనుకుందాం. 44.6 నమోదైతే తేడా 4.6, అంటే వడగాడ్పు. కొత్త ముప్పై ఏళ్ల సగటు 40.4కు పెరిగిందనుకోండి. అదే 44.6కు తేడా 4.2 మాత్రమే. ఎండ తగ్గలేదు, వడగాడ్పు మాత్రం మాయమైంది! 45 తాకితే తేడాతో పనిలేకుండా ప్రకటిస్తారన్నది నిజమే, కానీ 44.6లో తట్ట మోసే మనిషికి ఆ నిబంధన అక్కరకు రాదు.

కొలబద్ద జరపడం అవసరమేనంటారు నిపుణులు. ఏ విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చుకునే రైతుకు తాతల కాలపు సగటు ఎందుకన్నది వారి వాదన. సబబే. అందుకే ప్రపంచ వాతావరణ సంస్థ రెండూ ఉంచుకుంది: రోజువారీ అవసరానికి కొత్త సగటు, దీర్ఘకాల మార్పును కొలవడానికి 1961-1990. మన బులెటిన్లూ ఆ రెండు తేడాలను పక్కపక్కన వేయాలి. ఒక గడి పెరుగుతుంది, అంతే.

అంతకంటే పెద్ద ప్రశ్న, పని వేళలను ఈ తేడాకు ముడిపెట్టడం. ఒంటికి సగటులు తెలియవు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువైన రోజున 38 డిగ్రీలకే చెమట ఆరదు, వడదెబ్బ తగులుతుంది. సాధారణం కంటే రెండు డిగ్రీలే ఎక్కువని ఆ రోజు ఏ ప్రకటనా రాకపోవచ్చు. ఉపాధి హామీ పనినీ, ఇటుక బట్టీలనూ ఎప్పుడు ఆపాలో ఎండా తేమా కలిపి కొలిచిన అంకె చెప్పాలి.

పదకోశం

వాతావరణం: ఒక చోట ఈ పూట, ఈ వారం ఉన్న ఎండ, వాన, గాలి, తేమ.

శీతోష్ణస్థితి: ఒక ప్రాంతంలో దశాబ్దాల వాతావరణపు తీరు. సగటు ఒక్కటే కాదు, ఎంత దూరం ఊగుతుందో, ఎన్నేళ్లకోసారి హద్దు దాటుతుందో కూడా ఇందులోదే.

సాధారణం: 30 ఏళ్ల సగటు. దేశవ్యాప్త నైరుతి వానలకు మాత్రం మన శాఖ 50 ఏళ్లు తీసుకుంటుంది. 2022లో ఆ కాలాన్ని 1961-2010 నుంచి 1971-2020కి జరిపితే సాధారణ వర్షపాతం 88 సెంటీమీటర్ల నుంచి 87కు తగ్గింది.

గరిష్ఠ ఉష్ణోగ్రత: పక్కలకు గాలి ఆడే సందులున్న తెల్ల పెట్టెలో, నీడలో కొలిచినది. ఎండలో నిలిపిన కారులో కనిపించే 49ని దీనితో పోల్చకూడదు.

వడగాడ్పు ప్రకటన: ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు హద్దు దాటితే రెండో రోజున చేస్తారు. మొదటి రోజు ఎండ తిన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.