తాళం తిప్పే ఎలాంట్రా చవగ్గా దొరికిందని ఎగబడకండి

మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. పోయిన వారం మెసేజ్ పెట్టాడు: "అన్నా, 2017 హ్యుందాయ్ ఎలాంట్రా ఎస్ఈ దొరికింది, అమ్మేది మనోళ్ళే, రేపు డబ్బులిచ్చేస్తా." నేను ఒక్కటే అడిగాను, బటన్ స్టార్టా, తాళం తిప్పాలా అని. తాళమే అన్నాడు. అయితే ఆగరా బాబూ అన్నాను.

మనవాళ్ళు మైలేజ్ చూస్తారు, టైర్లు చూస్తారు, ఇంజన్ చప్పుడు కూడా వింటారు గానీ ఇది మాత్రం చూడరు. ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో తాళంలోని చిప్‌ను కారు గుర్తుపడితేనే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. అమెరికాలో అలాంటి రూల్ లేదు కాబట్టి 2011 నుంచి 2021 దాకా హ్యుందాయ్, కియా వాళ్ళు తాళంతో స్టార్టయ్యే చాలా మోడళ్ళను అది లేకుండానే అమ్మేశారు. 2015-19 మోడళ్ళలో మిగతా కంపెనీల కార్లకు 96 శాతం దాకా ఉంటే, వీళ్ళిద్దరి కార్లలో 26 శాతానికే ఉంది! దొంగ అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ ఊడబెరికి, తాళం సిలిండర్ లాగేసి, లోపలి ముక్కని యూఎస్‌బీ కేబుల్ మొనతో తిప్పేస్తాడు, అంతే. టిక్‌టాక్‌లో పిల్లలే ఒకరికొకరు నేర్పుకున్నారు. అదే ఎలాంట్రాలో బటన్ స్టార్ట్ ఉంటే ఈ గొడవ లేదు.

ఇక ఇన్సూరెన్స్. 2023లో స్టేట్ ఫార్మ్, ప్రోగ్రెసివ్ కొన్ని ఊళ్ళలో ఈ కార్లకు కొత్త పాలసీ ఇవ్వడమే ఆపేశాయి. అందుకే కారు నచ్చగానే విన్ నంబర్ తీసుకుని ముందు కోట్ అడగండి, అడ్వాన్స్ సంగతి ఆ తర్వాత. చవగ్గా ఉంటుందని, ఎదుటివాళ్ళ నష్టానికే ఇచ్చే లయబిలిటీ ఒక్కటే తీసుకుంటే కారు పోయినప్పుడు పైసా రాదు, దొంగతనానికి కాంప్రహెన్సివ్ ఉండాల్సిందే. అది ఉన్నా, 7,000 డాలర్ల కారుకు డిడక్టబుల్, అంటే మన జేబులోంచి భరించే వాటా, 1,000 పెట్టుకుంటే చేతికొచ్చేది 6,000.

"సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాం, భయం లేదు" అంటారు అమ్మేవాళ్ళు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఆ అప్‌డేట్ మంచిదే, దొంగతనాలు సగానికి పైగా తగ్గాయి కూడా. కానీ రిమోట్‌తో లాక్ చేస్తేనే అది పనిచేస్తుంది. లోపల తలుపు బటన్ నొక్కేసి దిగిపోయే అలవాటుంటే అప్‌డేట్ ఉన్నా లేనట్టే. పైగా కారు స్టార్ట్ కాదని దొంగకు తెలిసేది అద్దం పగిలాకే కదా, ఆ అద్దం ఖర్చు మనదే. కొన్ని మోడళ్ళకైతే ఆ అప్‌డేటే లేదు, స్టీరింగ్‌కి ఇనప లాక్ అయినా వేసుకోవాల్సిందే.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్. "అన్నా, ఇంకో ఐదొందలు తగ్గిస్తాడట." నీ డిడక్టబుల్‌లో సగమేరా అది అన్నాను.